కలరా (హైజా) విరేచనాలు: పేగులో ఏం జరుగుతుంది, ఓఆర్ఎస్ ఎందుకు పనిచేస్తుంది?

మన పెద్దవాళ్లు హైజా అని పిలిచే జబ్బే కలరా. ఇది పాతకాలం జబ్బు, ఇప్పుడెక్కడిది అనుకుంటాం. కానీ 2009 మే నెలలో ముషీరాబాద్ పక్కనున్న భోలక్‌పూర్‌లో మురుగునీరు కలిసిన నల్లా నీళ్లు తాగి వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. పదిమందికి పైగా చనిపోయారు. రోగుల నమూనాల్లో కలరా క్రిమి బయటపడింది. గన్‌ఫౌండ్రీ నుంచి భోలక్‌పూర్ ఎంతో దూరం కాదు. నగరంలో మంచినీటి పైపు, డ్రైనేజీ పైపు పక్కపక్కనే పోయే గల్లీ ఏదైనా సరే, రెండు పైపులూ పగిలితే ఇదే జరగవచ్చు.

ఈ జబ్బులో మనిషిని చంపేది క్రిమి కాదు, ఒంట్లోంచి పోయే నీళ్లు, ఉప్పు. సరైన కొలతలో కలిపిన ఉప్పు, గ్లూకోజ్ నీళ్లు వాటిని తిరిగి లోపలికి చేరుస్తాయి. సరైన కొలత అని ఎందుకు నొక్కి చెప్పాలో తెలియాలంటే పేగులో ఏం జరుగుతుందో ముందు చూడాలి.

మామూలు రోజుల్లో పేగు చేసే పని

మనం రోజుకు రెండు లీటర్ల నీళ్లు తాగితే, లాలాజలం, కడుపులోని రసాలు, పిత్తరసం, పేగు ఊటలు కలిపి ఇంకో ఏడు లీటర్ల దాకా పేగులోకి వస్తాయి. ఈ మొత్తంలో దాదాపు అంతా పేగు మళ్లీ పీల్చుకుంటుంది. మలంలో పోయేది గ్లాసుడు కన్నా తక్కువే. అంటే పేగు అనేది ఒకేసారి నీళ్లు వదిలే నల్లా, నీళ్లు పీల్చే మోటారు కూడా.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటే. పేగు నీళ్లను నేరుగా లాగలేదు. అది ఉప్పును, అంటే సోడియంను లాగుతుంది. ఉప్పు ఎటు పోతే నీళ్లు అటు పోతాయి. ఊరగాయలో ఉప్పు వేయగానే ముక్కల్లోంచి నీరు ఊరి బయటికి వచ్చేది ఇదే సూత్రం మీద. పేగులోంచి ఉప్పు ఒంట్లోకి పోతే నీళ్లూ ఒంట్లోకి పోతాయి. ఉప్పు పేగులోకి వస్తే నీళ్లూ పేగులోకి వస్తాయి.

క్రిమి వదిలే విషం ఏం చేస్తుంది?

కలరా క్రిమి పేరు విబ్రియో కలరే. కలుషితమైన నీళ్లతోనో, తిండితోనో లోపలికి పోయి చిన్న పేగు గోడకు అంటుకుంటుంది. అది గోడను కొరకదు, పుండు చేయదు, రక్తంలోకి పోదు. ఉన్నచోటే ఉండి ఒక విషాన్ని వదులుతుంది. క్రిమి లేకుండా ఆ విషం ఒక్కటే విరేచనాలు చేయగలదని 1959లో కోల్‌కతాలో డాక్టర్ శంభునాథ్ దే నిరూపించారు. కలరా క్రిములను పెంచిన ద్రవంలోంచి క్రిములన్నీ వడకట్టి, మిగిలిన ద్రవాన్ని కుందేలు పేగు ముక్కలోకి ఎక్కించారు. ఆ ముక్క నీళ్లతో ఉబ్బిపోయింది.

ఆ విషంలో రెండు రకాల భాగాలున్నాయి. ఐదు ముక్కలు ఒక వలయంలా కూడి పేగు కణాన్ని పట్టుకుంటాయి. ఇవి తలుపు తీసే చేతులు. ఆరో ముక్క లోపలికి దూరి అసలు పని చేస్తుంది. కణంలో ఒక స్విచ్ ఉంటుంది. మామూలుగా అది ఆన్ అయ్యి కాసేపట్లో తనంతట తానే ఆఫ్ అవుతుంది. విషం ఆ స్విచ్‌ను ఆన్‌లోనే బిగించేస్తుంది. దాంతో కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత పదార్థం ఆగకుండా తయారవుతూ పోతుంది.

ఆ సంకేతం రెండు పనులు చేస్తుంది. ఒకటి, క్లోరైడ్ బయటికి పోయే ద్వారాన్ని బార్లా తెరుస్తుంది. క్లోరైడ్ వెంట సోడియం, వాటి వెంట నీళ్లు పేగులోకి పొంగుతాయి. రెండు, మామూలుగా ఉప్పును లోపలికి లాగే దారిని మూసేస్తుంది. నల్లా పూర్తిగా తెరుచుకుంది, మోటారు ఆగింది. కలరా అంటే ఇంతే.

అందుకే ఈ విరేచనాలు వేరేగా ఉంటాయి. మొదటి కొన్నిసార్లు పోయాక మలం రంగు, వాసన పోయి బియ్యం కడిగిన నీళ్లలా ఉంటుంది. కడుపులో మెలిపెట్టే నొప్పి సాధారణంగా ఉండదు, జ్వరం ఉండదు, రక్తం పడదు. వాంతులు ఉండవచ్చు. తీవ్రమైన కేసులో పెద్దమనిషికి గంటకు లీటరు దాకా పోవచ్చు. పొద్దున బాగానే ఉన్న మనిషి సాయంత్రానికి కళ్లు లోపలికి పోయి, గొంతు పీలగా మారి, పిక్కలు పట్టేసి పడిపోవచ్చు.

మూతపడని తలుపు

విషం ఒక తలుపును మాత్రం ముట్టుకోదు. పేగు కణానికి గ్లూకోజ్‌ను లోపలికి తెచ్చే దారి ఒకటి ప్రత్యేకంగా ఉంది. గ్లూకోజ్ ఒంటరిగా ఈ తలుపు దాటలేదు. సోడియంను వెంటబెట్టుకుంటేనే తలుపు తెరుచుకుంటుంది. సోడియం కూడా ఈ తలుపులోంచి ఒంటరిగా రాలేదు. ఒక్కో గ్లూకోజ్ కణికతో రెండు సోడియం కణికలు లోపలికి పోతాయి. వాటి వెంట నీళ్లు పోతాయి. ఈ జంట ప్రయాణం గురించి రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త 1960లో ప్రేగ్‌లో జరిగిన సమావేశంలో చెప్పారు.

కలరా పేగును చెడగొట్టదని పైన చెప్పుకున్నాం. అందుకే ఈ తలుపు కలరా రోగిలో కూడా చక్కగా పనిచేస్తుంది. ఒకవైపు నీళ్లు పేగులోకి పొంగుతూనే ఉంటాయి, మరోవైపు ఈ తలుపు గుండా నీళ్లు ఒంట్లోకి తిరిగి పోతుంటాయి. దీన్ని 1968లో ఢాకాలో డేవిడ్ నేలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు యువ డాక్టర్లు కలరా రోగుల మీద కొలతలు వేసి చూపించారు. పోతున్న నీళ్లెన్నో కొలిచి, అంతే మొత్తం ఉప్పు గ్లూకోజ్ ద్రావణాన్ని తాగిస్తే సెలైన్ అవసరం బాగా తగ్గింది.

మూడేళ్లకే అసలు పరీక్ష వచ్చింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులు బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్ దగ్గర గుమిగూడారు. కలరా చెలరేగింది, సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనాబిస్ పెద్ద డ్రమ్ముల్లో ద్రావణం కలిపించారు. లీటరుకు 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల బేకింగ్ సోడా. మగ్గుతో ముంచి రోగుల పక్కనున్న తల్లులకు, అన్నదమ్ములకు ఇచ్చి తాగించమన్నారు. అంతకుముందు వందకు ముప్పైమంది దాకా చనిపోతుంటే, ఆయన చూసిన రోగుల్లో అది వందకు 3.6కు దిగింది. డాక్టర్లు, నర్సులు చాలనిచోట కుటుంబాలే ఈ చికిత్స నడిపాయి.

ఓఆర్ఎస్ విరేచనాలను ఆపదు

చాలా ఇళ్లల్లో పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ప్యాకెట్ కలిపి రెండు గ్లాసులు పట్టించాక కూడా మోషన్స్ ఆగలేదని, ఇది పనిచేయడం లేదని మానేస్తారు. ఓఆర్ఎస్ నల్లాను మూయదు. విషం బిగించిన స్విచ్ ఆ కణం బతికినంతకాలం అలాగే ఉంటుంది. పేగు పైపొర నాలుగైదు రోజులకు ఒకసారి తనంతట తానే రాలి కొత్తది వస్తుంది. అప్పటిదాకా మనిషిని నిలబెట్టడమే ఓఆర్ఎస్ పని. డాక్టర్ ఇచ్చే యాంటీబయాటిక్ క్రిమిని చంపి విరేచనాల రోజులను తగ్గిస్తుంది, కానీ అప్పటికే అంటుకున్న విషాన్ని తీయలేదు. కాబట్టి మాత్ర వేసినా తాగించడం ఆపకూడదు.

పనిచేస్తుందో లేదో చూడాల్సింది మోషన్ల లెక్కలో కాదు. మూత్రం వస్తోందా, నాలుక తడిగా ఉందా, ఏడిస్తే పిల్లాడికి కన్నీళ్లు వస్తున్నాయా, కళ్లు మామూలుగా అవుతున్నాయా అన్నది చూడాలి.

ప్యాకెట్‌లో ఏముంది, ఎందుకంత?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి చెబుతున్న కొలత ఇది. ఒక లీటరు నీళ్లకు:

- గ్లూకోజ్ 13.5 గ్రాములు
- ఉప్పు (సోడియం క్లోరైడ్) 2.6 గ్రాములు
- పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు
- ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు

మొత్తం 20.5 గ్రాములు. గ్లూకోజ్, సోడియం కణికల సంఖ్య ఇందులో సమానంగా ఉంటుంది. పొటాషియం విరేచనాల్లో పోయినదాన్ని భర్తీ చేస్తుంది. అది తగ్గితే ఒళ్లు చచ్చుబడినట్టవుతుంది, కడుపు ఉబ్బుతుంది. సిట్రేట్ రక్తంలో పెరిగిన ఆమ్లాన్ని సరిచేస్తుంది. ఇవన్నీ కలిసిన ద్రావణం రక్తం కన్నా కాస్త పల్చగా ఉంటుంది, అందుకే నీళ్లు పేగులోంచి ఒంట్లోకి సులువుగా పోతాయి.

ఈ పల్చదనమే అసలు కీలకం. ఇప్పుడు తప్పు గ్లాసులు ఎలా పనిచేస్తాయో చూడండి.

ఉత్త మంచినీళ్లు ఇస్తే కొంత ఒంటికి పడుతుంది, కానీ పోయిన ఉప్పు తిరిగి రాదు. గంటల తరబడి అదే ఇస్తే రక్తంలో ఉప్పు పల్చబడి ఫిట్స్ రావచ్చు. ఉత్త ఉప్పునీళ్లు ఇస్తే గ్లూకోజ్ తోడు లేక ఆ ప్రత్యేక తలుపు తెరుచుకోదు. ఉత్త గ్లూకోజ్ నీళ్లో, కూల్ డ్రింకో, చిక్కటి షర్బతో ఇస్తే ఇంకా చెడ్డది. పేగులో చక్కెర ఎక్కువై, తలుపు గుండా పోలేక మిగిలిపోతుంది. మిగిలిన చక్కెర రక్తంలోంచి నీళ్లను పేగులోకి గుంజుతుంది. విరేచనాలు పెరుగుతాయి.

డబ్బా మీది పేరు చూసి మోసపోవద్దు

ఇది మన హైదరాబాద్‌లోనే నడిచిన పోరాటం. మెడికల్ షాపుల్లో, ఆస్పత్రి క్యాంటీన్లలో పళ్ల రుచులతో టెట్రా ప్యాక్ డ్రింకులు ఓఆర్ఎస్ అనే అక్షరాలు పేరులో పెట్టుకుని అమ్ముడయ్యేవి. కొన్నింటిలో చక్కెర ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతకు ఎన్నో రెట్లు ఉండేది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు, తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఆహార పానీయాల పేర్లలో, లేబుళ్లపై ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది.

అయినా కొనేటప్పుడు ఇలా చూసుకోండి. అసలు ఓఆర్ఎస్ మందుల లైసెన్సుతో వస్తుంది. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని, పైన చెప్పిన నాలుగు పదార్థాలూ ఉంటాయి. లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు అని, మొత్తం సాంద్రత 245 అని ఉంటే అది సరైనది. రుచి ఉన్నా పరవాలేదు, ఈ అంకెలు మారకూడదు. ఎనర్జీ డ్రింకు, ఎలక్ట్రోలైట్ డ్రింకు అని రాసి ఉన్నది విరేచనాలకు మందు కాదు.

కలపడంలో జరిగే తప్పు

షాపులో రెండు సైజులు దొరుకుతాయి. పెద్దది లీటరుకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. లీటరు ప్యాకెట్‌ను ఒక్క గ్లాసులో కలిపితే అది ఐదు రెట్లు చిక్కనవుతుంది. అందులోని సోడియం రక్తంలో ఉండేదానికి రెండున్నర రెట్లు దాటుతుంది. చంటిపిల్లలకు అది ప్రాణం మీదికి తెస్తుంది. అలాగే లీటరు ప్యాకెట్‌లో సగం ఒకసారి, సగం ఒకసారి కలపవద్దు. లోపలి పొడులు సమానంగా పంచుకోవు. ప్యాకెట్ మొత్తం ఒకేసారి, కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. లీటరు వాటర్ బాటిల్ మంచి కొలత. కలిపాక మరిగించకూడదు, పాలు, జ్యూస్, ఇంకా చక్కెర కలపకూడదు. 24 గంటలు దాటితే మిగిలింది పారబోసి కొత్తది కలపాలి.

రాత్రిపూట ప్యాకెట్ దొరకకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపండి. చెంచా అంచుకు సమంగా గీసినట్టు ఉండాలి, కుప్పగా పోయకూడదు. నాలుక మీద వేస్తే కన్నీటి కన్నా ఉప్పగా ఉండకూడదు. ఇందులో పొటాషియం, సిట్రేట్ ఉండవు కాబట్టి ప్యాకెట్ దొరికేదాకానే. ఉప్పు వేసిన గంజి కూడా మంచిదే. అందులోని పిండిపదార్థం పేగులో కొద్దికొద్దిగా గ్లూకోజ్‌గా విడిపోతుంది, ఒక్కసారిగా చక్కెర ఎక్కువ కాదు.

ఒక లెక్క: 12 కిలోల పిల్లాడు

మూడేళ్ల బాబు, బరువు 12 కిలోలు. పొద్దుటి నుంచి నీళ్ల విరేచనాలు. చిరాకుగా ఉన్నాడు, కళ్లు కొంచెం లోపలికి పోయాయి, గ్లాసు చూపిస్తే ఆత్రంగా లాక్కుంటున్నాడు. పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే నెమ్మదిగా సర్దుకుంటోంది. ఇది కొంత డీహైడ్రేషన్. ఇక్కడ లెక్క కిలోకు 75 మిల్లీలీటర్లు, నాలుగు గంటల్లో. 12ను 75తో గుణిస్తే 900 మిల్లీలీటర్లు. అంటే దాదాపు లీటరు బాటిల్.

వినడానికి ఎక్కువ అనిపిస్తుంది. నాలుగు గంటలకు పంచితే గంటకు 225 మిల్లీలీటర్లు, అంటే నిమిషానికి ఒక టీ చెంచా కన్నా కాస్త తక్కువ. అమ్మో, నానమ్మో ఒళ్లో కూర్చోబెట్టుకుని చెంచాతో పట్టించగలిగే పనే. ఒక్కసారిగా గ్లాసు పట్టిస్తే వాంతి చేసుకుంటాడు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున మళ్లీ మొదలుపెట్టాలి. ఈ లెక్కకు తోడు తర్వాత ప్రతి నీళ్ల విరేచనానికి రెండేళ్లలోపు వారికి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకన్నా పెద్ద పిల్లలకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు ఇవ్వాలి. తల్లిపాలు ఆపకూడదు. కిచిడీ, పెరుగన్నం, అరటిపండు పెట్టవచ్చు. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్ 14 రోజులు ఇవ్వాలని సలహా. ఆరు నెలల లోపు పిల్లల మోతాదు డాక్టర్‌ని అడగండి.

ఈ స్థితిలో ఉన్న పిల్లాడిని ఇంట్లోనే పెట్టుకుని కూర్చోవద్దు. తాగిస్తూనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆటోలో కూడా చెంచా ఆగకూడదు.

ఓఆర్ఎస్ చాలని సమయం

నాలుగు గంటలయినా మూత్రం లేకపోవడం, కళ్లు బాగా లోపలికి పోవడం, పట్టిన చర్మం రెండు సెకన్లు దాటినా సర్దుకోకపోవడం, తాగడానికి ఓపిక లేకపోవడం, మగతగా పడి ఉండటం, మణికట్టు నాడి అందకపోవడం. ఇందులో ఏది కనిపించినా ఆస్పత్రికి వెళ్లాలి. నాడి అందకపోతే, మగత ఉంటే సెలైన్ ఎక్కించాల్సిందే. 60 కిలోల పెద్దమనిషికి అప్పుడు కిలోకు 100 మిల్లీలీటర్ల చొప్పున ఆరు లీటర్లు, అంటే అర లీటరు సీసాలు పన్నెండు, మూడు గంటల్లో ఎక్కిస్తారు. మొదటి అరగంటలోనే దాదాపు రెండు లీటర్లు పోతుంది. ఇది ఇంటి దగ్గర క్లినిక్‌లో ఒక సీసా పెట్టించుకుంటే తీరే పని కాదు. మనిషి తాగగలిగిన వెంటనే ఓఆర్ఎస్ మళ్లీ మొదలవుతుంది.

మగతలో ఉన్నవారి నోట్లో బలవంతంగా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కడుపు ఉబ్బిపోయి గట్టిగా ఉంటే, మలంలో రక్తం పడితే అది వేరే జబ్బు కావచ్చు, డాక్టర్ చూడాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఎంత తాగాలో డాక్టర్ చెప్పాలి. షుగర్ ఉన్నవారు ఇందులోని గ్లూకోజ్‌కు భయపడి మానేయకూడదు. గ్లూకోజ్ లేకపోతే తలుపే తెరుచుకోదు. తాగుతూ షుగర్ చూపించుకోవాలి.

గన్‌ఫౌండ్రీ, అబిడ్స్, నాంపల్లి వైపు ఉన్నవారికి పిల్లల కోసం లక్డీకాపూల్ దగ్గర నిలోఫర్, పెద్దలకు అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా, నల్లకుంటలో ఫీవర్ హాస్పిటల్ ఉన్నాయి. అంబులెన్స్ కావాలంటే 108.

రంజాన్ రోజుల్లో ఇలా అయితే ఇఫ్తార్ దాకా ఆగుదాం అనుకోవద్దు. గంటకు లీటరు పోయే జబ్బులో ఆరు గంటలు ఆగడం కుదరదు. రోగికి రోజా విడిచి తర్వాత ఖజా చేసుకునే వెసులుబాటు ఖురాన్‌లోనే ఉంది.

ఒకే గల్లీలో ఒకేసారి నాలుగైదు ఇళ్లల్లో ఇలా మొదలైతే నల్లా నీళ్లు తాగడం వెంటనే ఆపి, కాచిన నీళ్లే వాడండి. జలమండలికి, బస్తీ దవాఖానాకు చెప్పండి. రోగి బట్టలు, బకెట్ బ్లీచింగ్ నీళ్లతో కడగండి. తాగించేవారు ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఎందుకంటే ఆ బియ్యం కడుగులాంటి నీళ్లలో ఉన్న క్రిమి పక్కవారికి అంటేది చేతుల ద్వారా, నీళ్ల కుండ ద్వారానే.